అరగంటలోపు ఓటీ సున్నా: హాజరు లెక్కలో పోయిన నిమిషాలను ఎలా పట్టుకోవాలి

ప్రశ్న: బెంగళూరు బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజర్‌ని. మా హాజరు సాఫ్ట్‌వేర్ ఓటీని అరగంటకు కిందికి, ఆలస్యాన్ని పావుగంటకు పైకి సర్దేస్తోందని పోయిన వారం గమనించాను. ఆరేళ్లుగా ఇలాగే ఉందట. 140 మంది పనివాళ్లున్నారు. ఇది తప్పేనా? ఎంత పోయిందో లెక్క తీయడం ఎలా? ఎవరికి చెప్పాలి? నా ఉద్యోగం మీదికి వస్తుందా?

జవాబు:

అవును, తప్పే. ఆలస్యం విషయంలో సందేహానికి తావే లేదు. మూడు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన మనిషికి మూడు నిమిషాల జీతమే కోయాలి, పదిహేను నిమిషాలది కోయడానికి చట్టం ఒప్పుకోదు. ఓటీ విషయంలోనూ తప్పే. కాకపోతే ఎన్ని నిమిషాలకు రెట్టింపు ఇవ్వాలి, ఎన్నింటికి మామూలు రేటు ఇవ్వాలి అన్నచోట ఒక మెలిక ఉంది, కింద చెబుతాను.

ఈరోజే చేయవలసిన పని ఒకటి ఉంది. ఆ సెట్టింగును ముట్టుకోకండి, ఎవరినీ ముట్టుకోనివ్వకండి. ముందు మెషీన్‌లో పడిన అసలు పంచ్ సమయాలు భద్రం కావాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

నేను పీణ్యలో ఒక రేకు ప్రెస్ షాపులో పంతొమ్మిదేళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం షిఫ్టు సూపర్‌వైజర్‌ని, చివరి కొన్నేళ్లు టైమ్ ఆఫీసు చూశాను. మీరు చూసినదే 2017లో నేనూ చూశాను. నిజానికి నాకు కనిపించలేదు, ఒక ఆపరేటర్ చూపించాడు.

మదనపల్లె వైపు మనిషి, నలభై దాటినవాడు, మాట తక్కువ. ఒక రోజు షిఫ్టు అయ్యాక నా టేబుల్ దగ్గరికి వచ్చి చొక్కా జేబులోంచి చిన్న డైరీ తీశాడు. మందుల షాపుల వాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చే రకం. ప్రతి తేదీ కింద పెన్సిలుతో రెండు అంకెలు: లోపలికి వచ్చిన సమయం, బయటికి వెళ్లిన సమయం. వేళ్ల నూనె అంటి కాగితం అంచులు నల్లబడి ఉన్నాయి. "సార్, నేను రాసుకున్నదానికీ స్లిప్పులో వచ్చినదానికీ పొంతన కుదరడం లేదు. నా లెక్కే తప్పేమో, మీరొకసారి చూస్తారా?" అన్నాడు. అతని లెక్క తప్పు కాదు.

మా మొదటి షిఫ్టు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2.30 వరకు. మధ్యలో అరగంట భోజన విరామం, అంటే రోజుకు ఎనిమిది గంటల పని, వారానికి ఆరు రోజులు, 48 గంటలు. ఆ డైరీలో ఒక వారం ఇలా ఉంది. బయటికి వెళ్లిన సమయాలు సోమవారం నుంచి వరుసగా 2.52, 2.49, 2.56, 3.11, 2.47, 2.58. అంటే షిఫ్టు దాటాక 22, 19, 26, 41, 17, 28 నిమిషాలు. మొత్తం 153. గురువారం ఉదయం 6.03కి వచ్చాడు, మిగిలిన రోజులు 6 లోపే.

సాఫ్ట్‌వేర్ ఏం చేసింది? 22ను సున్నా చేసింది, 19ని సున్నా చేసింది, 26ను సున్నా చేసింది. 41ని 30 చేసింది. తర్వాతి రెండూ మళ్లీ సున్నాలు. 153 నిమిషాలు పనిచేసిన మనిషికి 30 నిమిషాల ఓటీ వచ్చింది. గురువారం మూడు నిమిషాల ఆలస్యానికి పావుగంట పోయింది.

రూపాయల్లో చూడండి. అతని మూల వేతనం, డీఏ కలిపి నెలకు 13,000. 26 రోజులకు రోజుకు 500, గంటకు 62 రూపాయల 50 పైసలు, ఓటీ గంటకు 125. ఆ వారం అతను మొత్తం చేసిన పని 48 గంటల మీద 150 నిమిషాలు, ఎందుకంటే 153లోంచి ఆలస్యమైన మూడు పోతాయి. రావలసింది 48 గంటలకు 3,000, రెండున్నర గంటల ఓటీకి 312.50, మొత్తం 3,312.50. వచ్చింది 47 గంటల 45 నిమిషాలకు 2,984.37, అరగంట ఓటీకి 62.50, మొత్తం 3,046.87. ఒక్క వారంలో 265 రూపాయలు పోయాయి. అది కాస్త ఎక్కువ పోయిన వారమే. పదమూడు వారాల సగటు తీస్తే వారానికి 180 దగ్గర తేలింది. అంటే ఏడాదికి తొమ్మిది వేలు దాటుతుంది. నెలకు పదమూడు వేలు తెచ్చుకునే ఇంట్లో అది పిల్లవాడి బడి ఫీజు.

ఇక్కడ ఆగి ఒక విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మీ మేనేజ్‌మెంట్ మొదట అనే మాటకు జవాబు ఇందులోనే ఉంది. "రూలు అందరికీ ఒకటే, ఒకరోజు పోతుంది, ఒకరోజు వస్తుంది" అంటారు. రాదు. ఓటీని కిందికే సర్దుతుంది, ఆలస్యాన్ని పైకే సర్దుతుంది. ఏ రోజూ ఒక్క నిమిషం కూడా పనివాడి వైపు మొగ్గదు. దీనికంటే పెద్ద సంగతి, ఆ పోయే నిమిషాలు యాదృచ్ఛికంగా పడేవి కావు. మా షాపులో 2.30కి ప్రెస్ ఆపి ఎవరూ వెళ్లలేరు. డై మీద నూనె తుడవాలి, బిన్‌లో ముక్కలు లెక్కపెట్టి రాయాలి, తర్వాతి షిఫ్టు మనిషికి మెషీన్ అప్పగించి హ్యాండోవర్ రిజిస్టరులో ఇద్దరూ సంతకం పెట్టాలి. రిలీవర్ వచ్చేదాకా కదలవద్దని చెప్పింది మేమే, సూపర్‌వైజర్లమే. ఈ పనికి మామూలుగా పదిహేడు నుంచి ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టేది. అరగంటకు కాస్త తక్కువ. అరగంట రూలు పెడితే ఆ పని మొత్తం ఊరికే చేసినట్టే లెక్క.

రెండో షిఫ్టు వాళ్లు కంపెనీ బస్సులోనే వచ్చేవాళ్లు. తుమకూరు రోడ్డు మీద జాలహళ్లి క్రాస్ దగ్గర బస్సు ఇరుక్కుంటే 2.38కి దిగేవాళ్లు. వాళ్లకు 2.45 వరకు కోత పడేది. వాళ్ల కోసం ఆగిన మొదటి షిఫ్టు మనిషి 2.52కి బయటపడితే అతనికి సున్నా. ఒకే ట్రాఫిక్ జామ్‌కు ఇద్దరి జీతం తెగింది. ఈ సంగతి అర్థమైన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏడేళ్లుగా ఆ గేటు దగ్గర నిలబడి "రిలీవర్ రానీ, అప్పుడు వెళ్లు" అన్నది నేనే.

రూలు ఎక్కడి నుంచి వచ్చిందని వెతికాను. ఎవరో కూర్చుని పనివాళ్లను ముంచాలని రాసింది కాదు. పంచ్ కార్డుల కాలంలో టైమ్ ఆఫీసు గుమాస్తా చేత్తో కూడికలు వేసేవాడు. నిమిషాలు కూడడం కష్టమని అరగంటల్లో రాసేవాడు. అయితే అతను మనుషుల్ని ఎరిగినవాడు, ఇరవై అయిదు నిమిషాలు ఉంటే అరగంట రాసేవాడు. 2010లో వేలిముద్రల మెషీన్ వచ్చింది. సాఫ్ట్‌వేర్ బిగించడానికి వచ్చిన కుర్రవాడు "ఓటీ ఎలా లెక్కిస్తారు?" అని అడిగితే ఎవరో "అరగంటల్లో" అని చెప్పారు. అతను `OT Round Off: 30 Min, Down` అని పెట్టాడు. ఆలస్యానికి `Late Round Off: 15 Min, Up` అని పెట్టాడు. గుమాస్తాకు ఉన్న విచక్షణ మెషీన్‌కు లేదు. దురుద్దేశం లేకపోవడం ఎవరినైనా క్షమించడానికి పనికివస్తుందేమో గాని, బాకీ తీర్చకుండా ఉండడానికి పనికిరాదు.

ఏడేళ్లు ఎవరికీ ఎందుకు తెలియలేదు? నెలవారీ హాజరు నివేదికలో అసలు సమయం ఉండేది కాదు, సర్దిన సమయమే అచ్చయ్యేది. 2.52 అన్న అంకె ఆ కాగితం మీద లేనే లేదు, 2.30 అని ఉండేది. పే స్లిప్పులో "ఓటీ గంటలు 2.0" అని ఒక్క ముక్క. చూసేవాళ్లకు అంతా శుభ్రంగా కనిపించేది. ఒక నెల స్లిప్పులన్నీ ముందేసుకుని చూడండి, ఓటీ గంటలు అందరికీ .0 లేదా .5తోనే ముగుస్తుంటే రోజువారీ కోత జరుగుతోందని అర్థం. 140 మంది మనుషులు నెలంతా చేసిన పని అంత గుండ్రంగా తేలడం జరగని పని.

లెక్క తీయడం

నివేదికల జోలికి వెళ్లవద్దు. మెషీన్ నుంచి వచ్చే అసలు పంచ్ లాగ్ కావాలి. ఉద్యోగి నంబరు, తేదీ, సమయం, అంతే ఉంటుంది. దాన్ని ఎక్సెల్‌లోకి తెచ్చుకుని బయటి పంచ్‌ను C వరుసలో పెట్టుకోండి. షిఫ్టు 2.30కి ముగుస్తుందనుకుంటే, D2, E2, F2 గడుల్లో వరుసగా ఇవి రాయండి:

```
=MAX(0,ROUND((MOD(C2,1)-TIME(14,30,0))*1440,0))
=FLOOR(D2,30)
=D2-E2
```

మొదటిది నిజంగా పనిచేసిన అదనపు నిమిషాలు, రెండోది సాఫ్ట్‌వేర్ ఒప్పుకున్నవి, మూడోది పోయినవి. `1440`తో గుణించి ముందుగా పూర్తి నిమిషాలుగా మార్చడం ముఖ్యం. ఎక్సెల్ సమయాన్ని రోజులో ఒక భిన్నంగా దాచుకుంటుంది. నేరుగా సమయం మీదే `FLOOR` వేస్తే సరిగ్గా 3.00కు వెళ్లిన మనిషికి కొన్నిసార్లు 30కి బదులు సున్నా చూపిస్తుంది, ఆ భిన్నం వెంట్రుకవాసి తక్కువ పడడం వల్ల. నేను మొదటిసారి వేసిన లెక్కలో ఇదే జరిగింది. అకౌంట్స్ విభాగం ఆ ఒక్క తప్పు పట్టుకుని మొత్తం పట్టికను పక్కన పెట్టబోయింది. మీ E వరుస మొత్తం, స్లిప్పులో ఉన్న ఓటీ గంటలతో పది పదిహేను మందికి అచ్చంగా సరిపోవాలి. సరిపోతే రూలును మీరు సరిగ్గా పట్టుకున్నట్టు. సరిపోకపోతే ఇంకేదో రూలు కూడా ఉంది, అది తేలేదాకా ఎవరికీ చూపించకండి.

మెలిక అన్నది ఇదే. పాత ఫ్యాక్టరీల చట్టం, 1948 ప్రకారం రోజుకు 9 గంటలు లేదా వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు. విరామం పనిగంటల్లో చేరదు. డైరీ మనిషి ఆ వారం ఆరు రోజులూ వచ్చాడు కాబట్టి వారం 48 దాటింది, అదనపు నిమిషాలన్నింటికీ రెట్టింపు వచ్చింది. అదే వారంలో ఒకరోజు సెలవు పెట్టి ఉంటే 48 దాటేది కాదు, రోజుకు 9 గంటలూ దాటలేదు. అప్పుడు చట్టం ప్రకారం ఆ అదనపు నిమిషాలకు మామూలు రేటు. మీ కంపెనీ ఒప్పందంలోనో స్టాండింగ్ ఆర్డర్లలోనో "షిఫ్టు దాటితే రెట్టింపు" అని ఉంటే, పనివాడికి ఏది మేలైతే అది పట్టుకోండి. నేను తొందరలో అందరికీ అన్ని వారాలకూ రెట్టింపు వేసేశాను, మళ్లీ కూర్చుని వారాలవారీగా విడదీయవలసి వచ్చింది. మీరు మొదటే విడదీయండి. లెక్క ఎక్కువగా చూపించామన్న మాట ఒక్కసారి వచ్చిందంటే అసలు బాకీ కూడా అనుమానంలో పడుతుంది.

ఇంకో అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైన అభ్యంతరమే. "పంచ్ పడిన సమయం అంతా పని కాదు. స్నానం చేసి, టీ తాగి, వరుసలో నిలబడి పంచ్ కొట్టి ఉంటారు" అంటారు. కొందరి విషయంలో నిజం కూడా. అందుకే పంచ్ లాగ్ ఒక్కటే చాలదు, దాని పక్కన పని జరిగినట్టు చూపే రెండో కాగితం ఉండాలి. మాకు హ్యాండోవర్ రిజిస్టరు దొరికింది. డైరీ మనిషి బుధవారం 2.56కు పంచ్ కొట్టాడు, రిజిస్టరులో ఇద్దరి సంతకాల పక్కన 2.50 అని ఉంది. ఆరు నిమిషాలు చేతులు కడుక్కుని గేటు దాకా నడిచి వరుసలో నిలబడడానికి పోయాయి. ఆ ఆరు నిమిషాల మీద వాదన ఉండవచ్చు, ముందు ఇరవై మీద ఉండదు. నా అభిప్రాయం అడిగితే, రెండు వందల మందికి రెండే మెషీన్లు పెట్టింది కంపెనీ కాబట్టి వరుసలో నిలబడిన సమయం కూడా కంపెనీదే. చివరికి మా దగ్గర అలాగే ఒప్పుకున్నారు. మీ లైనులో హ్యాండోవర్ రిజిస్టరు లేకపోతే మెషీన్ కౌంటర్ రీడింగులు, ఉత్పత్తి షీట్లు, గేటు పాసులు, బస్సు లాగ్ బుక్కు చూడండి.

చట్టం ఎక్కడ నిలబడుతుంది

ఆలస్యం సంగతి చాలా సూటిగా ఉంది. వేతనాల చెల్లింపు చట్టం, 1936లో 9వ సెక్షన్ ప్రకారం, గైర్హాజరుకు కోసే డబ్బు గైర్హాజరైన సమయానికి ఉన్న నిష్పత్తిని మించకూడదు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతన కోడ్‌లో 20వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది. "మూడుసార్లు ఆలస్యమైతే అరరోజు కోత" అన్న పద్ధతి మీ దగ్గర ఉంటే దానికీ ఇదే వర్తిస్తుంది. క్రమశిక్షణ కోసం చర్య తీసుకోవాలంటే స్టాండింగ్ ఆర్డర్ల దారి వేరే ఉంది. జరిమానా వేయాలన్నా ముందే ప్రకటించిన తప్పులకే వేయాలి, ఆ నెల వేతనంలో 3 శాతం దాటకూడదు. జీతం లెక్కలోంచి నిశ్శబ్దంగా పావుగంటలు కత్తిరించడం ఈ రెండింటిలో దేనికిందకీ రాదు.

గడువుల సంగతి తెలుసుకోండి. పాత చట్టం కింద కోత పడిన 12 నెలల్లోపు దరఖాస్తు పెట్టాలి, తగిన కారణం చూపితే ఆలస్యాన్ని అధికారి మన్నించవచ్చు. పే స్లిప్పులో అసలు నిమిషాలు కనిపించకుండా చేశారన్నది చెప్పుకోదగిన కారణమే. కొత్త కోడ్‌లో గడువు మూడేళ్లు. ఇచ్చామని నిరూపించుకోవలసిన భారం యజమానిదే. తేలిన బాకీకి పది రెట్ల వరకు పరిహారం విధించే అధికారం కూడా అధికారికి ఉంది. మీ కేసు ఈ రెండు కాలాల మీదుగా పడుతుంది కాబట్టి 2025 నవంబరుకు ముందు నెలలనూ తర్వాతి నెలలనూ వేర్వేరు పట్టికలుగా ఉంచండి.

డబ్బు లెక్క జీతంతో ఆగదని కూడా గుర్తుంచుకోండి. ఆలస్యం కోత మూల వేతనంలోంచి పడింది కాబట్టి పీఎఫ్ జమ కూడా ఆ మేరకు తగ్గింది. ఓటీ మీద పీఎఫ్ ఉండదు గాని పాత ఈఎస్ఐ చట్టం కింద చందా లెక్కకు వచ్చేది.

ఎవరికి, ఎలా చెప్పాలి

ఫ్యాక్టరీలో జీతాల చెల్లింపు బాధ్యత చట్టం ప్రకారం మేనేజర్‌గా నమోదైన మనిషిది. ఆయన పేరు మీద, ఆఫీసు మెయిలు నుంచి, ఒక పేజీకి మించకుండా రాయండి. నిందలు వద్దు. ఒక మనిషిది ఒక వారం లెక్క పెట్టండి, నేను పైన చెప్పినట్టే, ప్రతి అంకె సరిచూసుకునేలా. మూడు విషయాలు అడగండి: అసలు పంచ్ లాగ్‌ను ఫలానా తేదీ నుంచి చెరపకుండా దాచమని, సెట్టింగు తెరను తేదీతో సహా అచ్చుతీసి ఉంచమని, మానేసి వెళ్లిన వాళ్లతో సహా అందరికీ లెక్క తీయమని. పాత మెషీన్లలో మెమరీ నిండితే పాత పంచ్‌ల మీద కొత్తవి పడిపోతాయి. సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగు మార్చి పాత నెలలను మళ్లీ ప్రాసెస్ చేస్తే పాత నివేదికల రూపమే మారిపోతుంది. అందుకే మొదట ముట్టుకోవద్దన్నాను.

లాగ్‌ను మీ పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకుపోవద్దు. 140 మంది వివరాలు అందులో ఉంటాయి. రేపు గొడవ మీ మీదికి తిరిగితే మొదట పట్టుకునేది దాన్నే. పనివాళ్లు తమ తమ స్లిప్పులు, తాము రాసుకున్న సమయాలు తమ దగ్గర పెట్టుకోవచ్చు, అది వాళ్ల సొంతం.

మీ ఉద్యోగం గురించి అడిగారు, దాచకుండా చెబుతాను. సూపర్‌వైజర్ హోదాలో ఒక పరిమితికి మించి జీతం తీసుకునేవాళ్లు చట్టం దృష్టిలో కార్మికుల కిందికి రారు. ఆ పరిమితి పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో నెలకు 10,000, కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 18,000. అంటే మీ లైనులో పనిచేసేవాళ్లకు ఉన్న రక్షణ మీకు ఉండకపోవచ్చు. క్లెయిము వేయవలసింది కూడా మీరు కాదు. నష్టపోయిన పనివాడు వేయవచ్చు, అతను సభ్యుడైన రిజిస్టర్డ్ యూనియన్ వేయవచ్చు, తనిఖీ అధికారి వేయవచ్చు. మీ పని తెలిసిన విషయాన్ని రాతపూర్వకంగా పై అధికారికి చేర్చడం, పనివాళ్లు అడిగితే వాళ్ల లెక్క వాళ్లకు అబద్ధం లేకుండా చెప్పడం. నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు గాని నాలుగు నెలలు వరుసగా రాత్రి షిఫ్టు వేశారు. ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.

మా దగ్గర తేలడానికి అయిదు నెలలు పట్టింది. మొదటి సమావేశంలో "కొందరికి లాభం కూడా వచ్చి ఉంటుంది" అన్నారు. నేను 86 మంది పదమూడు వారాల లెక్క టేబుల్ మీద పెట్టాను. ప్రతి మనిషికీ చివర ఒకే అంకె: వచ్చిన నిమిషాల్లోంచి పనిచేసిన నిమిషాలు తీసేస్తే మిగిలింది. నిజంగా అటూ ఇటూ సర్దే రూలైతే కొందరికి ప్లస్, కొందరికి మైనస్ రావాలి. ఎనభై ఆరూ మైనస్సులే. ఆ కాగితాన్ని మేనేజర్ చాలాసేపు చూశారు. తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

అప్పుడు అకౌంట్స్ నుంచి ఒక రాజీ మాట వచ్చింది: దగ్గరి పావుగంటకు సర్దుదాం, ఏడు వరకు కిందికి, ఎనిమిది నుంచి పైకి. అమెరికా చట్టంలో ఇలా సర్దడానికి అనుమతి ఉంది, కాలం మీద ఎవరికీ నష్టం లేకుండా సమానం కావాలన్న షరతుతో. డైరీ మనిషి వారానికి వేసి చూశాను. 153 నిమిషాలు 150 అయ్యాయి, మూడే తేడా. చూడడానికి న్యాయంగానే ఉంది. అయినా నేను ఒప్పుకోలేదు, కారణం అక్కడే చెప్పాను. ఆ ఏడాది డై మార్చే పద్ధతి మెరుగుపరిచే పని నడుస్తోంది, హ్యాండోవర్ ఆరేడు నిమిషాలకు తగ్గుతుందని అంచనా. తగ్గిన రోజు నుంచి ఆ ఆరేడు నిమిషాలూ రోజూ సున్నా అవుతాయి. పనివాడు చురుగ్గా చేసినందుకే అతని నిమిషాలు పోతాయి. మెషీన్ నిమిషాలు లెక్కపెట్టగలిగినప్పుడు సర్దడం ఎందుకు? చివరికి అసలు నిమిషాలను వారానికి కూడి, జీతం వేసేటప్పుడు మాత్రం పైసలను పై రూపాయికి చేర్చేలా నిర్ణయమైంది. మీరూ ఇదే అడగండి.

బాకీ మూడేళ్లకే ఇచ్చారు, రిజిస్టర్లు అంతవరకే నిలిచి ఉన్నాయి. అంతకు ముందరి నాలుగేళ్లకు లాగ్ లేదు. ఆ డబ్బు ఎవరికీ రాలేదు, అది ఇప్పటికీ నాకు బాధే. మూడేళ్లలో మానేసి వెళ్లినవాళ్లు ముప్ఫై ఒక్కమంది. నోటీసు బోర్డులో కాగితం అంటిస్తే ఊళ్లలో ఉన్నవాళ్లకు ఎలా తెలుస్తుంది? పీఎఫ్ కాగితాల్లో ఉన్న ఫోను నంబర్లు పట్టుకుని ఒక్కొక్కరికీ చేశాం. హిందూపురం, పెనుకొండ, పలమనేరు, కొందరు ఇక్కడే లగ్గెరెలో ఉన్నారు. నంబరు మారిన వాళ్ల గురించి వాళ్ల ఊరివాళ్లను అడిగాం. ఇరవై ఏడు మంది దొరికారు.

డైరీ మనిషి అప్పటికే మానేసి మదనపల్లె వెళ్లిపోయాడు. డబ్బు ఖాతాలో పడిన నాలుగో రోజు ఫోను చేశాడు. "సార్, అంతా సరిపోయింది గాని రెండు రోజులు తగ్గాయి. నా డైరీలో ఉన్నాయి" అన్నాడు. తేదీలు చెప్పాడు. హ్యాండోవర్ రిజిస్టరు తీసి చూస్తే ఆ రెండు రోజులూ అతని వేలిముద్ర మెషీన్‌లో పడలేదు, బయటికి వెళ్లిన పంచ్ లేదు, సంతకం మాత్రం ఉంది. ఒకరోజు 17, ఒకరోజు 21, మొత్తం 38 నిమిషాలు. 79 రూపాయల 17 పైసలు తేలింది. వోచర్ రాయించి 80 రూపాయలు పంపించాం.